ఓరుగల్లు నుంచి హంపీ దాకా: ఏడాది చదువుకు ఒక వరస

వారానికి మూడు గంటలు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి చూసుకుంటూ చరిత్ర చదవాలనుకునే మనిషికి మిగిలే సమయం మహా అయితే అంతే. ఏడాదికి ఉండే 52 వారాల్లో చదువుకు 44 వారాలే లెక్కవేసుకుంటే 132 గంటలు వస్తాయి. అందులో మూడో వంతు నోట్సు రాసుకోవడానికీ, పటం చూడడానికీ, తలకెక్కని పేజీని మళ్లీ చదవడానికీ పోతుంది. మిగిలిన 88 గంటల్లో గంటకు 15 పేజీల చొప్పున చదివితే మొత్తం 1,320 పేజీలు.

చరిత్రను సొంతంగా చదవడానికి ఏడాది ప్రణాళిక వేసుకునేవాళ్లు పుస్తకాల పేర్ల కంటే ముందు కాగితం మీద పెట్టాల్సింది ఈ అంకెనే. ఇది అందరికీ ఒకేలా ఉండదు. చదవబోయే పుస్తకంలో మధ్యలో ఒక అధ్యాయం తెరిచి, అరగంట చదివి, అయిన పేజీలను రెండింతలు చేస్తే ఎవరి వేగం ఎంతో తేలిపోతుంది. తెలుగు పుస్తకానికి ఎక్కువ వస్తుంది, అడుగున సూచికలు కిక్కిరిసిన ఇంగ్లీషు పరిశోధన గ్రంథానికి తక్కువ వస్తుంది. ఎలా చూసినా 1,320 పేజీలంటే ఐదారు పుస్తకాలు. ఉగాదినాడు ఉత్సాహంగా ఇరవై పేర్లు రాసుకున్నవాళ్ల జాబితా దసరాకే మూలన పడడానికి అసలు కారణం ఈ లెక్క వేయకపోవడమే.

మిగిలిన 8 వారాలు వృథా కావు. ఏడాదిని 13 వారాల చొప్పున నాలుగు భాగాలు చేస్తే, ఒక్కో భాగంలో 11 వారాలు చదవడానికి, ఒకటి వెనకబడిన పేజీలు అందుకోవడానికి, ఒకటి రాయడానికి. పెళ్లిళ్లు, జ్వరాలు, మార్చి నెల ఆఫీసు పని ఎలాగూ వస్తాయి. వాటికి చోటు ముందే ఉండాలి.

ముందు ప్రశ్న, తర్వాత పుస్తకం

భారతదేశ చరిత్ర 1,320 పేజీల్లో ఇమడదు. ఆంధ్రుల చరిత్రా ఇమడదు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చాక ఆ రచన ఇంకా ఎన్నో సంపుటాలుగా సాగింది. కాబట్టి కాలాన్ని కత్తిరించుకోవాలి. ఉదాహరణకు 1163 నుంచి 1565 వరకు తీసుకుందాం. ఆ మొదటి ఏడు కాకతి రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో స్వతంత్ర రాజుగా కనిపిస్తాడు. చివరి ఏడు జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం జరిగి విజయనగరం కూలుతుంది. మధ్యలో 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమవుతుంది.

నాలుగు వందల ఏళ్ల కాలం కూడా ప్రశ్న లేకపోతే రాజుల పేర్ల వరసగా మిగులుతుంది. ఈ కాలానికి ఏడాదంతా వెంట ఉంచుకోదగిన ప్రశ్న ఒకటుంది: ఓరుగల్లు పడిపోయాక అక్కడి పాలన పద్ధతి ఏమైంది? కాకతీయులు తమ నాయకులకు ఊళ్లు అప్పగించి, బదులుగా సైన్యం తీసుకునేవారు. దాన్నే నాయంకరం అనేవారు. రెండు వందల ఏళ్ల తర్వాత విజయనగరంలోనూ నాయకులున్నారు, వాళ్లకు అప్పగించిన భూములున్నాయి. ఇది అదేనా, పేరు మాత్రమే మిగిలిందా? చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం ఇది. ఒక పేజీని ఆగి చదవాలా, వేగంగా దాటిపోవాలా అన్నది తేల్చేది ఈ ప్రశ్నే.

ప్రశ్న కుదిరాక పేజీలు పంచుకోవచ్చు. కె.ఎ. నీలకంఠశాస్త్రి 1955లో తెచ్చిన దక్షిణ భారత చరిత్రలో ఈ కాలానికి చెందిన అధ్యాయాలకు 200. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయ, రెడ్డిరాజుల, విజయనగర భాగాలకు 200. కాకతీయుల కాలపు సమాజం మీద సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన పుస్తకానికి 250. రాబర్ట్ స్యూయెల్ 1900 నాటి విజయనగర గ్రంథంలో ఇచ్చిన ఇద్దరు పోర్చుగీసు వాళ్ల రాతలకు 160. బర్టన్ స్టైన్ 1989లో రాసిన ‘విజయనగర’కు 150. రిచర్డ్ ఈటన్ దక్కను సాంఘిక చరిత్రలో మూడు అధ్యాయాలకు 80. మొత్తం 1,040. మిగిలిన 280 శాసనాలకు, ఒకటి రెండు వ్యాసాలకు, తిరిగి చదవడానికి. స్యూయెల్ వంటి పాత పుస్తకాలు archive.org లో ఉచితంగా దొరుకుతాయి.

ఇంగ్లీషు చదవడం నెమ్మదిగా సాగి గంటకు 10 పేజీలే అయితే బడ్జెట్ 880కి దిగుతుంది. అప్పుడు స్టైన్‌ను తీసేసి, టాల్బట్‌లో రెండు మూడు అధ్యాయాలు తగ్గించాలి. తగ్గించాల్సింది పేజీలను. గంటలు పెంచుతానని మాట ఇచ్చుకుంటే అది రెండు వారాలకు మించి నిలవదు.

మొదటి మూడు నెలలు: పటం, కథ

మొదటి వారం పుస్తకం తెరవక్కర్లేదు. పెద్ద కాగితం మీద గోదావరి, కృష్ణ, తుంగభద్ర గీసి, హనుమకొండ, ఓరుగల్లు, మోటుపల్లి, రాచకొండ, దేవరకొండ, కొండవీడు, రాజమహేంద్రవరం, ఉదయగిరి, గుల్బర్గా, బీదరు, రాయచూరు, హంపీ, పెనుకొండ చేత్తో గుర్తించాలి. కృష్ణా తుంగభద్రల మధ్య రాయచూరు ఎక్కడుందో కళ్లకు కట్టనివాళ్లకు బహమనీలూ విజయనగర రాజులూ ఆ ఒక్క ముక్క నేల కోసం తరాల తరబడి ఎందుకు కొట్టుకున్నారో ఎంత చదివినా అర్థం కాదు.

రెండో వారం ఈటన్ పుస్తకంలో మొదటి అధ్యాయం. ఆయన దక్కను చరిత్రను ఎనిమిది మంది జీవితాలుగా చెప్పాడు. మొదటివాడు ప్రతాపరుద్రుడు. అధ్యాయం చదివి, అర్థమైందేమిటో ఒక పేజీ రాసి, తేదీ వేసి కవరులో పెట్టేయాలి. ఆ పేజీతో ఏడాది చివర పని ఉంది.

మూడో వారం నుంచి తొమ్మిదో వారం దాకా నీలకంఠశాస్త్రి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి సరిహద్దు ఎక్కడ అన్నది తెలుసుకోవడానికి ఇంత సాఫీగా సాగే పుస్తకం అరుదు. ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి. విజయనగరాన్ని ముస్లిం సుల్తానుల దాడికి అడ్డుగోడగా చూసిన తరం చరిత్రకారుడాయన. ఆ చూపును ఇప్పుడే ఒప్పుకోవడం, కాదనడం రెండూ వద్దు. నోట్సులో పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. పదో, పదకొండో వారాల్లో సురవరం రాసిన కాకతీయుల భాగం. గోలకొండ పత్రిక నడిపిన ఈ సంపాదకుడు రాజుల వంశావళి పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరాడు. సురవరాన్ని ఒకేసారి పూర్తి చేయకుండా ఒక్కో భాగాన్ని ఆయా రాజుల చరిత్ర పక్కనే చదవడం మేలు. పరిశోధన గ్రంథాల మధ్య తెలుగు వచనం దొరికితే అలసట తీరుతుంది, రాజుల కథకు ఊరి జీవితం జతపడుతుంది.

పదమూడో వారం పుస్తకాలన్నీ మూసి రెండు పేజీలు రాయాలి. అక్కడ మర్చిపోయినవేవో బయటపడతాయి.

రెండో భాగం: రాయి ఏం చెప్పింది, మనిషి ఏం ఊహించాడు

కథ తెలిశాక, వాదాల్లోకి దిగకముందు, ఆధారాల దగ్గరికి వెళ్లాలి. ఏడాది ప్రణాళికలో ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. పద్నాలుగో వారం నుంచి ఇరవయ్యో వారం దాకా టాల్బట్. ఆమె పుస్తకానికి పునాది గుడుల్లోని దానశాసనాలు. దానం ఇచ్చినవాళ్ల పేర్లు, బిరుదులు, వృత్తులు పట్టుకుని అప్పటి సమాజాన్ని నిర్మించింది. దానం ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు ఆ రాళ్లమీద అంతగా కనపడరన్న సంగతి కూడా చదువరి గుర్తుంచుకోవాలి.

తర్వాతి నాలుగు వారాలు వారానికి ఒక్క శాసనం. అంతకంటే ఎక్కువ వద్దు. శాసన సంపుటం తెరిచి మొదటి పేజీ నుంచి చదవబోయేవాళ్లు మూడో రోజుకే మానేస్తారు.

మొదటిది హనుమకొండ శాసనం. దాని తేదీ శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని బడిలో నేర్పుతారు. అలా కలిపితే 1162 వస్తుంది, పుస్తకాలేమో 1163 అంటాయి. తేడా ఎక్కడిదంటే, చైత్రంతో మొదలయ్యే తెలుగు సంవత్సరం మాఘానికి వచ్చేసరికి ఇంగ్లీషు జనవరి మారిపోతుంది. జనవరి తర్వాతి తిథులకు 79 కలపాలి. అప్పుడు 1163 జనవరి 19 కుదురుతుంది. సరిచూసుకోవడానికి ఇంకో దారీ ఉంది. చిత్రభాను మనకు 2002 ఉగాదికి వచ్చింది. అరవై ఏళ్ల చక్రంలో వెనక్కి వెళితే 14 చుట్లకు 1162 ఉగాది తగులుతుంది, ఆ ఏటి మాఘం 1163లో పడుతుంది. ఈ చిన్న లెక్క చేతికి వస్తే, రెండు పుస్తకాల్లో ఒక ఏడాది తేడా కనిపించిన ప్రతిసారీ తికమక పడాల్సిన పని ఉండదు.

రెండోది 1244 నాటి మోటుపల్లి శాసనం. గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చి, ఏ సరుకు మీద ఎంత సుంకమో చెక్కించాడు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇదివరకటి రాజులు గుంజుకునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో చెప్పాడు. రాజ్యానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో ఈ ఒక్క రాయితో తెలుస్తుంది.

మూడోది చందుపట్ల శాసనం. దీనిమీద ఒక వారం పూర్తిగా గడపొచ్చు. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని పాత పుస్తకాలు రాశాయి. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన రాయి మీద శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిరం ఉంది. అంటే 1289. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకం కలగాలని ఒక దానం ఇచ్చినట్టు అది చెబుతుంది. దాంతో ఆమె మరణం ఆరేళ్లు ముందుకు జరిగింది. ఇక్కడ చదువరి చేయాల్సిన పని ఉంది. కాగితాన్ని రెండు నిలువు వరసలుగా గీసి, ఎడమవైపు రాయి మీద ఉన్నది మాత్రమే రాయాలి: తేదీ, ఇద్దరి పేర్లు, దానం. కుడివైపు చరిత్రకారులు దాని నుంచి ఊహించినవి రాయాలి: ఇద్దరూ ఒకేసారి చనిపోయి ఉంటారు, అది యుద్ధంలో అయి ఉంటుంది, ఆ యుద్ధం తిరగబడిన కాయస్థ అంబదేవుడితో అయి ఉంటుంది. ఊహ బలమైనదే. అయినా యుద్ధం మాట రాయి మీద లేదు.

నాలుగో వారం ప్రతాపరుద్రుడి మరణం. 1323లో బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో మరణించాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. కొంత కాలం తర్వాతది, 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం, తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్లాడంటుంది. దీన్నిబట్టి ఆత్మహత్య అని కొందరు భావించారు. ఇంకా తర్వాతి కాలపు ‘ప్రతాపరుద్ర చరిత్రము’లో ఆయన ఢిల్లీ నుంచి గౌరవంగా తిరిగొస్తాడు. మూడింటినీ వాటి కాలం వరసలో పెట్టి చూస్తే, ఘటనకు దూరమైన కొద్దీ ఓడిన రాజు మహిమ పెరుగుతూ పోవడం కనిపిస్తుంది. చివరి కథనాన్నే మొదట చదివినవాళ్లకు మిగతా రెండూ రాజును తక్కువ చేస్తున్నట్టు తోస్తాయి. చదివే వరస మీద ఇంత పట్టింపు అందుకే.

మూడో భాగం: గుర్రాల వర్తకుడి లెక్కలు

జూలైలోనో, దసరా ముందో, మొదలుపెట్టిన నెలను బట్టి, విజయనగరం వస్తుంది. స్యూయెల్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవనక్కర్లేదు. ఆయన సొంత కథనం శాసనాలు ఇంకా సరిగా వెలుగు చూడని రోజుల్లో, చాలావరకు ఫెరిష్టా రాతల మీద ఆధారపడి రాసింది. వెనక అనువదించి ఇచ్చిన డొమింగో పేస్, ఫెర్నావో నూనిజ్ రాతలే అసలు నిధి. పేస్ కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో నగరాన్ని చూశాడు. నూనిజ్ గుర్రాల వర్తకుడు, పదిహేనేళ్ల తర్వాత రాశాడు.

ఇద్దరినీ ఒకేలా నమ్మకూడదు. పేస్ వీధులు, ఉత్సవాలు, అంగళ్లు కళ్లారా చూసి రాశాడు. నూనిజ్ పాత రాజుల చరిత్రను విని రాశాడు. అందుకే ఆయన కథ 1230తో మొదలవుతుంది, నిజానికి వందేళ్లు తప్పు. అలాగని పుస్తకం మూసేయనక్కర్లేదు. తన కాలపు నాయకుల గురించి రాసిన చోట అదే నూనిజ్ ఎంతో పనికొస్తాడు: ఏ నాయకుడికి ఎంత ఆదాయం, రాజుకు ఎంత కట్టాలి, ఎన్ని గుర్రాలు, ఎందరు కాలిబంట్లను నిలపాలి అని జాబితా ఇచ్చాడు. ఏడాది ప్రశ్నకు ఇది సూటిగా తగులుతుంది. ఆ జాబితా పక్కన టాల్బట్ నోట్సులోని కాకతీయ నాయకుల పేజీ పెట్టుకుని పోలికలు, తేడాలు రాసుకోవడానికి ఒక వారం ఇవ్వాలి.

ఆ తర్వాతే స్టైన్. విజయనగర రాజులకు అంత దూరాన ఉన్న ప్రాంతాల మీద నిజంగా ఎంత పట్టు ఉండేదని ఆయన అడిగాడు. కేంద్రం నుంచి నడిచిన గట్టి ప్రభుత్వమన్న పాత చిత్రాన్ని కదిపాడు. ఆయనతో విభేదించినవాళ్లూ తక్కువేమీ కాదు. నూనిజ్ జాబితా ముందే చదివి ఉంటే ఆ వాదాన్ని తూచి చూడడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

చివరి భాగం: కవరు తెరవడం

నలభయ్యో వారం నుంచి ఈటన్ మిగతా రెండు అధ్యాయాలు: బీదరులో మదరసా కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్, తళ్లికోట యుద్ధమని కూడా పిలిచే రాక్షసి తంగడి యుద్ధంలో చనిపోయిన రామరాయలు. రామరాయలు విజయనగర కొలువుకు రాకముందు గోలకొండ సుల్తాను దగ్గర పనిచేశాడు. తర్వాత గోలకొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబ్ షా, అంతకుముందు విజయనగరంలోనే ఏళ్ల తరబడి తలదాచుకున్నాడు. ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసం ఇంకా సూక్ష్మమైన సంగతి పట్టుకుంది: విజయనగర కొలువులో టోపీ, పొడవు అంగీ సుల్తానుల పద్ధతిలో ఉండేవి, రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. మొదటి భాగంలో నీలకంఠశాస్త్రి పక్కన పెట్టుకున్న గుర్తు దగ్గరికి ఇప్పుడు తిరిగి వెళ్లాలి. అడ్డుగోడ అన్న మాటలో ఎంత నిలుస్తుందో, ఎంత నిలవదో చదువరి ఈసారి సొంతంగా చెప్పగలగాలి.

యాభయ్యో వారం ప్రతాపరుద్రుడి అధ్యాయం మళ్లీ చదివి ఒక పేజీ రాయాలి, ఆ తర్వాత పాత కవరు తెరవాలి. రెండు పేజీల్లో చూడాల్సినవి మూడు. ప్రతి వాక్యానికీ ఆధారం ఏమిటో రెండో పేజీలో ఉందా? రచయిత ఊహించిన చోటు గుర్తుపట్టారా? పటంలో చూపలేని ఊరి పేరు ఏదైనా ఉందా? తేడా కనిపించకపోతే లోపం సాధారణంగా రెండో భాగంలో, శాసనాల వారాల్ని దాటేసిన చోట ఉంటుంది. వచ్చే ఏడు కొత్త కాలం మొదలుపెట్టే ముందు ఆ నాలుగు వారాలు తిరిగి చేయడమే మందు.

వెనకబడితే

దారి తప్పుతున్నదని తెలుసుకోవడానికి ఏడాది చివరిదాకా ఆగక్కర్లేదు. అధ్యాయం ముగిశాక పుస్తకం మూసి, అందులోని ఒక ముఖ్యమైన మాటను ఎంచుకుని, ఇది ఎలా తెలిసిందని అడగాలి. శాసనమా, కావ్యమా, విదేశీ యాత్రికుడా, ఇంకో చరిత్రకారుడా? వరసగా రెండు అధ్యాయాలకు జవాబు రాకపోతే వేగం ఎక్కువైనట్టు. వారానికి 30 పేజీలకు బదులు 20కి దిగాలి. నోట్సు అధ్యాయానికి ఒక పేజీ దాటుతుంటే అది పుస్తకాన్ని తిరిగి రాయడమే, అప్పుడు గంటలన్నీ అక్కడే కరిగిపోతాయి.

ఒక వారం తప్పితే భాగం చివరి వారంలో అందుకోవచ్చు. మూడు వారాలు తప్పితే వాటిని మోసుకుపోకూడదు, జాబితాలోంచి ఏదో ఒకటి కొట్టేయాలి. కొట్టేసే వరస కూడా ముందే రాసుకోవడం మంచిది: మొదట స్టైన్, తర్వాత మహమూద్ గవాన్ అధ్యాయం, ఆపైన నీలకంఠశాస్త్రిలో తమిళ రాజ్యాల పేజీలు. శాసనాలు, నూనిజ్, తిరిగి చదివే అధ్యాయం మాత్రం జాబితాలో ఉండాల్సిందే.

ఆఖరి వారం పది పేజీల వ్యాసం. ఓరుగల్లు నాయకుల పద్ధతి హంపీలో కొనసాగిందా అన్న ప్రశ్నకు చదువరి జవాబు, దానికి ఆధారాలు, ఎదురు నిలిచే ఆధారాలు అందులో ఉండాలి. చివరి పేజీలో తేలని సంగతుల జాబితా రాయాలి. 1565 తర్వాత ఆ నాయకులు ఎటుపోయారన్నది అందులో తప్పక ఉంటుంది. దాన్ని వెంబడించాలనుకుంటే రెండో ఏడు 1687 దాకా గోలకొండ వైపు సాగుతుంది. కుతుబ్ షాహీల మీద హెచ్.కె. షేర్వాణీ 1974లో తెచ్చిన గ్రంథం పెద్దది కాబట్టి, ఆ ఏటి బడ్జెట్‌లో ముందుగా పేజీలు కేటాయించాల్సింది దానికే.